పొయ్యి మీది మాంసం పులుసు: స్లో కుక్కర్‌కి మార్చాలా, ఓవెన్‌కి మార్చాలా?

రెసిపీలో "మూత పెట్టి సన్నని సెగ మీద గంటా పావు ఉడికించాలి" అని ఉంటుంది. మీ ఇంట్లో స్లో కుక్కర్ ఉంది, లేదా ఓటీజీ ఉంది, లేదా రెండూ ఉండి ఏది తీయాలో తేలడం లేదు. ఈ గంటా పావుని దేనితో గుణించాలి అని అందరూ అడుగుతారు. చార్టు కింద ఇచ్చాను, కానీ ఒక్క చార్టు పట్టుకుని వండితే ముక్క మెత్తగా ఉడికి పులుసు మాత్రం చారులా మిగిలే అవకాశమే ఎక్కువ. ఎందుకంటే పొయ్యి మీద ఆ గంటా పావులో ముక్క ఉడకడంతో పాటు ఇంకో పని జరుగుతుంది, నీరు ఆవిరైపోయి పులుసు దగ్గర పడుతుంది. స్లో కుక్కర్‌లో ఈ రెండో పని దాదాపు జరగదు, ఓవెన్‌లో సగం సగం జరుగుతుంది. కాబట్టి టైమ్‌తో పాటు నీళ్లనీ మార్చాలి, నా లెక్కలో నీళ్లే ముందు.

మన గోదావరి జిల్లాల ఇళ్లలో ఆదివారం వండే మామూలు మాంసం పులుసునే ఉదాహరణగా తీసుకుంటున్నాను: కిలో మేక మాంసం బొమికలతో సహా, ములక్కాడలు, బంగాళాదుంపలు, చింతపండు. ఇందులో ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా ఉడుకుతుంది కాబట్టి ఈ పులుసు మార్చడం వస్తే మిగతావి మీరే మార్చుకోగలరు.

## ముందు చూసుకోవాల్సినవి

ఉడికే టైమ్ ఎంత, మొత్తం టైమ్ ఎంత. రెసిపీ మొత్తం రెండు గంటలు పట్టిందంటే రెండు గంటలనీ మార్చకూడదు. ఉల్లిపాయలు వేగడం, అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చి వాసన పోవడం, ముక్కలోంచి ఊరిన నీరు ఇగిరి నూనె తేలడం, ఇవన్నీ స్లో కుక్కర్ తెచ్చినా ఓవెన్ తెచ్చినా పొయ్యి మీదే జరగాలి. నీళ్లు పోసి మూత పెట్టిన దగ్గర్నుంచి ముక్క మెత్తబడే దాకా ఉన్న టైమ్ ఒక్కటే మార్చాల్సింది.

ఇక్కడ మనకి ఒక చిక్కుంది. మన ఇళ్లలో మాంసం లెక్క విజిల్స్‌లో ఉంటుంది. "ఆరు విజిల్స్" అంటే ఎన్ని నిమిషాలో కుక్కర్‌ని బట్టి, మంటని బట్టి మారిపోతుంది, అందుకని విజిల్స్ లెక్క వదిలేసి మొదటి విజిల్ వచ్చిన దగ్గర్నుంచి స్టవ్ కట్టేసే దాకా ఎన్ని నిమిషాలో గడియారం చూడండి. ప్రెషర్‌లో నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి ఆ నిమిషాలని మూడున్నరతో గుణిస్తే మామూలు గిన్నెలో పట్టే టైమ్ ఇంచుమించుగా వస్తుంది. మొదటి విజిల్ తర్వాత 20 నిమిషాలు ఉంచుతారనుకుంటే గిన్నెలో 70 నిమిషాలన్నమాట.

చివరికి పులుసు కావాలా, ఇగురు కావాలా. జారుగా ఉండే పులుసులకి స్లో కుక్కర్ బాగా పనికొస్తుంది. ముక్కకి మసాలా పట్టి నూనె తేలే ఇగురు కావాలంటే ఓవెన్ నయం. ఇగురుని స్లో కుక్కర్‌లో చేసినా చివర్లో బాండీలోకి తీసి ఇగర్చక తప్పదు.

వండేటప్పుడు ఇంట్లో ఎవరైనా ఉంటారా. స్లో కుక్కర్‌ని వదిలేసి పనికి వెళ్లొచ్చు. ఓవెన్‌ని వదిలి వెళ్లకూడదు, కనీసం పక్క గదిలోనైనా ఉండాలి.

కరెంటు. అమెరికాలో ఉన్నవాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు, కోనసీమలోనో భీమవరం పక్కనో ఉన్నవాళ్లు వదలకూడదు. కరెంటు పోతే ఏం చేయాలో కింద విడిగా చెప్తాను.

## టైమ్ చార్టు

| పొయ్యి మీద మూత పెట్టి ఉడికే టైమ్ | స్లో కుక్కర్ ‘హై’ | స్లో కుక్కర్ ‘లో’ | ఓవెన్, 160 డిగ్రీలు, మూతతో |
|---|---|---|---|
| 25–30 నిమిషాలు (బ్రాయిలర్ కోడి) | 2–2½ గంటలు | 4 గంటలు | 40–45 నిమిషాలు |
| 45–60 నిమిషాలు (నాటుకోడి పెట్ట, లేత మేక) | 3–4 గంటలు | 6–7 గంటలు | గంటా పావు–గంటన్నర |
| 75–100 నిమిషాలు (మామూలు మేక మాంసం, పుంజు) | 4–5 గంటలు | 8–9 గంటలు | 1¾–2 గంటలు |
| 2 గంటల పైన (కాళ్లు, ముదురు పొట్టేలు) | 6–7 గంటలు | 10–12 గంటలు | 3–3½ గంటలు |

మసాలా వేగిపోయి, గిన్నెలోది మరుగుతున్న స్థితిలో లోపల పెట్టారనుకుని వేసిన లెక్క ఇది. అన్నీ చల్లగా వేసి స్విచ్ నొక్కితే స్లో కుక్కర్‌కి ఇంకో గంట, ఓవెన్‌కి ఇంకో అరగంట కలుపుకోండి. మీ కుక్కర్ సైజు వేరు, మీ ఓటీజీ వేరు కాబట్టి మొదటిసారి చార్టులో తక్కువ అంకె దగ్గర ఒకసారి ముక్క చూడండి.

‘హై’ అంటే పెద్ద మంట, ‘లో’ అంటే చిన్న మంట అనుకుంటారు చాలామంది. చాలా మోడళ్లలో రెండూ చివరికి చేరేది మరుగుకి కాస్త కిందుగా ఉండే ఒకే వేడికి, ఇంచుమించు 95 డిగ్రీలకి. తేడా అక్కడికి చేరడానికి పట్టే టైమ్‌లో ఉంటుంది, ‘హై’ మూడు నాలుగు గంటల్లో చేరితే ‘లో’ ఏడెనిమిది గంటలు తీసుకుంటుంది. ‘హై’ మీద ఒక గంట ‘లో’ మీద రెండు గంటలతో సమానం అనే లెక్క అందుకే వచ్చింది. ‘వార్మ్’ అనేది వండినదాన్ని వేడిగా ఉంచడానికే, దాని మీద పచ్చి మాంసం ఎన్ని గంటలు పెట్టినా సరిగ్గా ఉడకదు, పైగా పాడయ్యే ప్రమాదం ఉంది.

## స్లో కుక్కర్ దారి

పాలు కాగబెట్టే దాలి తెలిసినవాళ్లకి స్లో కుక్కర్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. పిడకల సెగ మీద కుండ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పొంగకుండా, మాడకుండా కాగినట్టే ఇందులోనూ వేడి నెమ్మదిగా అన్ని వైపులా పాకుతుంది. ఒక తేడా మాత్రం ఉంది. స్లో కుక్కర్ మూతకి చేరిన ఆవిరి చుక్కలు చుక్కలుగా మళ్లీ పులుసులోకే పడుతుంది. గాజు మూత అయితే మీకే కనిపిస్తుంది, అంచు చుట్టూ సన్నని నీటి గీత నిలబడి ఆవిరిని బయటికి పోనివ్వదు. అందుకే నీళ్లు తగ్గించాలి.

మన కిలో మాంసం పులుసుకి పొయ్యి మీద పోసేది నాలుగు గ్లాసులు (గ్లాసు 200 మి.లీ. అనుకుందాం), చింతపండు రసం ఇంకో గ్లాసు. స్లో కుక్కర్‌లో పోయాల్సింది గ్లాసున్నర నుంచి రెండు. ముక్కలు మునగకపోతే కంగారు పడకండి, ముప్పాతిక మునిగితే చాలు, గంట తిరిగేసరికి మాంసంలోంచి ఊరిన నీరు పైకి వస్తుంది.

చేసే తీరు ఇదీ. బాండీలో ఉల్లిపాయలు బాగా ఎర్రగా వేయించాలి. స్లో కుక్కర్‌లో పచ్చి ఉల్లిపాయ వేస్తే ఎనిమిది గంటల తర్వాత కూడా ఆ తియ్యటి ఉడుకు వాసన పోదు. అల్లం వెల్లుల్లి ముద్దకీ ఇదే సంగతి, పొయ్యి మీద పోని పచ్చి వాసన స్లో కుక్కర్‌లో అసలు పోదు. తర్వాత ముక్కలు వేసి పసుపు, ఉప్పు, కారం కలిపి, ఊరిన నీరంతా ఇగిరి నూనె అంచుల్లో కనపడే దాకా వేయించాలి, పది పన్నెండు నిమిషాలు పడుతుంది. ఇప్పుడు మరుగుతున్న నీళ్లు గ్లాసున్నర పోసి, బాండీ అడుగున అంటుకున్నది గరిటెతో గీకి, మొత్తాన్ని కుక్కర్ గిన్నెలోకి వంచేయాలి. గీకకుండా వదిలేస్తే రుచిలో సగం బాండీకే ఉండిపోతుంది. ఆ పింగాణీ గిన్నె ఫ్రిజ్‌లోంచి తీసినదైతే మాత్రం మరుగుతున్నది పోయకండి, బీట వారుతుంది.

బంగాళాదుంపలు ఎక్కడ వేయాలనేది చాలామందిని తికమక పెడుతుంది. ఈ వేడిలో దుంప మాంసం కన్నా నిదానంగా మెత్తబడుతుంది, కాబట్టి పెద్ద ముక్కలుగా కోసి మాంసం కింద, అడుగునే, మొదట్లోనే పెట్టాలి. అలా పెట్టినా ఒక్కోసారి దుంప ఉడకదు, అప్పుడు తప్పు చింతపండుది. పులుపు తగిలితే దుంపలు, కూరగాయలు, పప్పులు మెత్తబడటం బాగా ఆలస్యమవుతుంది. పొయ్యి మీద మనం దుంప ఉడికాకే పులుపు పోస్తాం కాబట్టి ఈ సంగతి మనకి కనపడదు. అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టే పద్ధతిలోనే బయటపడుతుంది. గోంగూర, మామిడికాయ, టమాటా ఎక్కువగా పడే కూరలన్నిటికీ ఇదే వర్తిస్తుంది. చింతచిగురు మాంసం చేస్తుంటే చిగురు చివరి అరగంటలోనే వేయండి, ముందే వేస్తే పులుపు చచ్చి రంగు నల్లబడుతుంది.

కాబట్టి చింతపండు రసం, ములక్కాడలు విడిగా పొయ్యి మీద పావుగంట మరిగించి, ముక్క మెత్తబడ్డాక కలిపి, ఇంకో అరగంట ‘హై’ మీద వదలండి. రసం అలా మరగడంలోనే కాస్త ఇగురుతుంది, ములక్కాడ కూడా పీచుపీచుగా విడిపోకుండా ఉంటుంది.

మసాలాల్లో లవంగాలు, దాల్చినచెక్క ఇన్ని గంటలు నీటిలో నానితే ఘాటెక్కి చేదు వైపు పోతాయి, మీరు వేసేదాంట్లో సగం చాలు. పొడులది రివర్స్. ధనియాల పొడి, గరం మసాలా వాసన గంటలు గడిచేకొద్దీ చప్పబడిపోతుంది, అవి దింపే ముందు వేయాలి. కొబ్బరిపాలు పోసే అలవాటున్న కోనసీమ వాళ్లు కూడా చివరి ఇరవై నిమిషాల దాకా ఆగాలి, ముందే పోస్తే విరిగి పైన నూనె, కింద తెల్లటి పొలుకులు తేలతాయి. ఉప్పు మాత్రం తగ్గించక్కర్లేదు. పొయ్యి మీద ఎంత పులుసు మిగిలేదో ఇందులోనూ అంతే మిగిలితే ఉప్పూ అంతే పడుతుంది.

ఒక్క సంగతి గట్టిగా చెప్తున్నా: మూత తీయకండి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ చేరడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. మా ఇంట్లో వాళ్లు నడుస్తూ నడుస్తూ ఒకసారి మూతెత్తి వాసన చూసి పోయే రకం, అలాంటి ఇళ్లలో చార్టుకి గంట కలుపుకోవాలి.

## ఓవెన్ దారి

ఓవెన్‌లో వేడి పక్కల నుంచి, పై నుంచి కూడా వస్తుంది, గిన్నె మూత కొంచెం ఆవిరిని వదులుతుంది, అందుకని పులుసు పైభాగం రంగు తేలి, రుచి పొయ్యి మీద వండినదానికి దగ్గరగా వస్తుంది. అడుగంటే టెన్షన్ కూడా బాగా తక్కువ. నన్నడిగితే, ఇంట్లో ఉండే రోజున ఓవెన్‌దే పైచేయి.

మన కిలో మాంసానికి: వేయించడం దాకా అంతా పైన చెప్పినట్టే, కాకపోతే ఓవెన్‌లోకి వెళ్లే గిన్నెలోనే వేయించుకోవచ్చు. నీళ్లు నాలుగు గ్లాసుల బదులు మూడు. పొయ్యి మీదే ఒక మరుగు రానిచ్చి, గిన్నె మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి దాని మీద మూత గట్టిగా నొక్కి, ముందే 160 డిగ్రీలకి వేడెక్కిన ఓవెన్‌లో పెట్టాలి. బంగాళాదుంపలు మొదట్లోనే వేసేయొచ్చు. గంటా పావు తర్వాత తీసి ఒక ముక్క చూసి, చింతపండు రసం, ములక్కాడలు వేసి మళ్లీ మూత పెట్టి 35–40 నిమిషాలు. పులుసు ఇంకా జారుగా ఉంటే చివరి పావుగంట మూత తీసేయండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించి 140 దగ్గర పెట్టాలి.

160 అంటే పులుసు 160కి చేరుతుందని కాదు. నీరున్నంత సేపూ గిన్నెలోపల వేడి మరుగు దాటదు, ఓవెన్ అంకె ఆ మరుగు ఎంత జోరుగా ఉండాలో చెప్తుందంతే. కావాల్సింది కుతకుత ఉడకడం కాదు, అక్కడో బుడగ ఇక్కడో బుడగ నిదానంగా రావడం. అరగంటకి ఒకసారి మూత కొంచెం ఎత్తి చూడండి, గలగలా మరుగుతుంటే 15 డిగ్రీలు తగ్గించండి, నిశ్చలంగా ఉంటే 15 పెంచండి. ఓటీజీల డయల్ మీద అంకెకీ లోపలి వేడికీ పొత్తు కుదరకపోవడం మామూలే కాబట్టి, డయల్‌ని నమ్మేకన్నా బుడగని నమ్మడం మేలు.

ఓటీజీతో ఇంకో ఇబ్బంది ఎత్తు. మూత పెట్టిన గిన్నె పై రాడ్‌కి మరీ దగ్గరైతే మూత మాడి, ఫాయిల్ నల్లబడి, పులుసు పైన తెట్టు కడుతుంది. గిన్నె మూతకీ పై రాడ్‌కీ మధ్య మూడు వేళ్ల సందైనా లేకపోతే పై రాడ్ ఆపేసి కింది రాడ్ మీదే నడపండి, టైమ్ ఒక పావుగంట పెరుగుతుంది. ప్లాస్టిక్ పిడి ఉన్న గిన్నెలు పనికిరావు. మట్టి దాకలో చేయాలనుకుంటే వేడెక్కిన ఓవెన్‌లో చల్లటి దాక పెట్టకూడదు, చల్లటి ఓవెన్‌లో పెట్టి రెంటినీ కలిపి వేడెక్కనివ్వాలి, దానికో 20 నిమిషాలు అదనం.

## ముక్క ఉడికిందా లేదా

టైమ్ అయిందని కాదు, ముక్కని చూసి తేల్చుకోవాలి. బొమిక ఉన్న ఒక ముక్క బయటికి తీసి చూడండి. మాంసం బొమిక చివర నుంచి వెనక్కి జరిగి, తెల్లటి బొమిక వేలి గోరంత బయటపడి ఉండాలి. గరిటె అంచుతో గిన్నె గోడకి నొక్కితే పీచుల వెంట విడిపోవాలి. నొక్కితే రబ్బరులా ఎగిరి వెనక్కి వచ్చిందంటే ఇంకా అరగంట ఉంది.

ఇక్కడే ఒక తికమక. ముక్క తినడానికి బాగుండకపోవడానికి రెండు కారణాలు ఉంటాయి, ఉడకకపోవడం, అతిగా ఉడకడం. ఉడకని ముక్క గట్టిగా, సాగుతూ ఉంటుంది, దాన్ని ఇంకా ఉడికిస్తే కీళ్ల దగ్గరి నరాలు, పొరలు కరిగి పులుసు చిక్కబడుతుంది, వేళ్లకి అంటుకునే ఆ జిగట అదే. అతిగా ఉడికిన ముక్క తేలిగ్గానే విడిపోతుంది కానీ నోట్లో పొడిగా పీచుపీచుగా ఉంటుంది, దానికి మందు లేదు. అందుకే కొవ్వు, పొరలు లేని మెత్తటి మాంసం ఈ పద్ధతులకి తగదు. కొట్లో ముందరకాలు, మెడ, పక్కటెముకలు కలిపి అడగండి. ఒట్టి తొడ మాంసం తెచ్చి ఎనిమిది గంటలు ఉడికించడం డబ్బు దండగ.

బ్రాయిలర్ కోడి కథా ఇంతే. చార్టులో పెట్టాను గానీ, అరగంటలో అయ్యేదాన్ని నాలుగు గంటలు సాగదీసి ముక్క చిదురు చేసుకోవడం దేనికో నాకైతే అర్థం కాదు. నాటుకోడి వేరు, ముఖ్యంగా సంక్రాంతి తర్వాత ఇంటికొచ్చే పందెం కోడి. కండ పట్టిన ఆ మాంసం పొయ్యి మీద గంటన్నరకి కూడా లొంగకపోవచ్చు, దానికి స్లో కుక్కర్ ‘లో’ మీద తొమ్మిది గంటలు సరైన మందు. చేపల పులుసుని ఈ రెండింటికీ మార్చొద్దు. కొరమీను, బొచ్చె లాంటివి పులుసులో పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో అయిపోతాయి, ఆ పైన ముక్క విరిగి ముళ్లే మిగులుతాయి. పుస్తెలమ్మి తెచ్చుకున్న పులసని అయితే పొయ్యి మీద మట్టి దాకకే వదిలేయండి, ప్రయోగాలకి మాంసం ఉందిగా.

## కరెంటు లెక్క

స్లో కుక్కర్ పొదుపు, ఓవెన్ ఖర్చు అని అందరూ అంటారు. లెక్క వేస్తే అంత తేడా కనపడదు. 200 వాట్ల స్లో కుక్కర్ ఎనిమిది గంటలు నడిస్తే 1.6 యూనిట్లు. 1500 వాట్ల ఓటీజీ రెండు గంటలూ ఆగకుండా కాలితే 3 యూనిట్లు, కానీ వేడెక్కాక రాడ్ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి కాలేది అందులో సగం పైచిలుకు. ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు వేసుకోండి. కాబట్టి బిల్లు చూసి తేల్చుకోనక్కర్లేదు.

తేల్చుకోవాల్సింది కరెంటు పోయినప్పుడు. 200 వాట్ల స్లో కుక్కర్‌ని ఇంటి ఇన్వర్టర్ ఒక గంట మోయగలదు. 1500 వాట్ల ఓటీజీని మామూలు ఇన్వర్టర్ మోయలేదు. కాకపోతే ఓటీజీ దగ్గర మీరు ఉంటారు, కరెంటు పోతే గిన్నె తీసి గ్యాస్ మీద పెడతారు, గొడవ అక్కడితో అయిపోతుంది. స్లో కుక్కర్ దగ్గరే అసలు చిక్కు, ఎందుకంటే దాని దగ్గర ఎవరూ ఉండరు. తిప్పే నాబ్ ఉన్న మోడల్ అయితే కరెంటు రాగానే మళ్లీ తనంతట తనే మొదలెడుతుంది, మధ్యలో మూడు గంటలు గోరువెచ్చగా పడి ఉన్న సంగతి సాయంత్రం ఇంటికొచ్చిన మీకు తెలియనే తెలియదు. డిజిటల్ మోడళ్లలో చాలావాటికి కరెంటు పోతే మొత్తం ఆగిపోతుంది, చల్లారిన కూర చూడగానే కనీసం విషయం అర్థమవుతుంది. వండిన కూర 60 డిగ్రీల కిందకి జారి గంటల తరబడి ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి, కొన్నిటి విషం మళ్లీ మరిగించినా పోదు. ఎంతసేపు కరెంటు లేదో తెలియకపోతే ఆ కూర పారబోయడమే, కిలో మాంసం ఖరీదు తలుచుకుని తినకండి. కరెంటు పోతే మెరిసే ప్లగ్ గడియారం ఒకటి పక్కన పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. అదీ కుదరకపోతే, గాలివానల నెలల్లో ఎవరూ లేని ఇంట్లో స్లో కుక్కర్ పెట్టొద్దు.

లో వోల్టేజీ సంగతి ఇంకా తక్కువమంది పట్టించుకుంటారు. 230 ఉండాల్సింది 190కి పడితే హీటర్ ఇచ్చే వేడి మూడింట రెండొంతులకి పడిపోతుంది. ఓటీజీకి థర్మోస్టాట్ ఉంటుంది కాబట్టి రాడ్ ఎక్కువసేపు కాలి సర్దుకుంటుంది. థర్మోస్టాట్ లేని సాదా స్లో కుక్కర్‌కి ఆ సర్దుబాటు లేదు, మీ ‘హై’ కాస్తా ‘లో’ అయిపోతుంది. సాయంత్రం ఆరింటి తర్వాత ఫ్యాన్ నిదానంగా తిరిగే ఊళ్లలో వంట పొద్దున్నే పెట్టి మధ్యాహ్నానికి ముగించేయండి.

గడ్డకట్టిన మాంసం రెండింటిలోకీ నేరుగా వేయకూడదు, స్లో కుక్కర్‌లో అయితే అసలు వేయకూడదు. అది కరిగి వేడెక్కేలోగానే పాడయ్యే ప్రమాదం ఉంది. రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి పూర్తిగా కరగనివ్వండి.

## ఎవరికి ఏది

ఆఫీసుకి వెళ్లి సాయంత్రానికి అన్నంలోకి పులుసు రెడీగా ఉండాలి, కరెంటు పోని చోట ఉన్నారు: స్లో కుక్కర్, ‘లో’ మీద. మసాలా వేయించడం రాత్రే చేసి పెట్టుకోవచ్చు, కానీ మాంసాన్ని రాత్రి సగం వేయించి పొద్దున్న వరకు దాచడం మాత్రం వద్దు, వేయిస్తే వెంటనే పూర్తిగా వండాలి. పొద్దున్నే ముక్క వేయించే పావుగంట మీకు లేకపోతే మసాలా వేడి చేసి పచ్చి ముక్కలు కలిపి పెట్టేయండి, గంట ఎక్కువ పడుతుంది, రంగు కొంచెం తగ్గుతుంది, తినడానికి బాగానే ఉంటుంది.

ఇంట్లోనే ఉంటారు, ఆదివారం, చుట్టాలొస్తున్నారు, చిక్కటి గ్రేవీ కావాలి: ఓవెన్. పొయ్యి ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ రెండు గంటల్లో పలావు, చారు అయిపోతాయి.

ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో ‘స్లో కుక్’ బటన్ ఉన్నవాళ్లు జాగ్రత్త. వీటిలో వేడి అడుగు నుంచే వస్తుంది, కొన్నిటిలో ఆ బటన్ మామూలు స్లో కుక్కర్ కన్నా చల్లగా నడుస్తుంది. ముందు రెండు లీటర్ల నీళ్లు పోసి ‘లో’ మీద ఎనిమిది గంటలు పెట్టి థర్మామీటర్‌తో చూడండి, 85 డిగ్రీలు దాటకపోతే ఆ బటన్ మర్చిపోయి ప్రెషర్‌లోనే వండుకోండి.

ఏడున్నరకి భోజనం, ఇప్పుడు ఐదున్నర: రెండూ వద్దు. ప్రెషర్ కుక్కర్ తీయండి.

## మాంసం రెండు కిలోలైతే

టైమ్ రెట్టింపు కాదు. ఓవెన్‌లో వెడల్పు గిన్నె తీసుకుని మరుగు వచ్చాకే లోపల పెడితే అరగంట కలిపితే సరిపోతుంది, నీళ్లు ఆరు గ్లాసుల బదులు ఐదు చాలు, ఆవిరి పోయేది గిన్నె నోటి వెడల్పుని బట్టి కానీ మాంసం బరువుని బట్టి కాదు కదా. స్లో కుక్కర్‌కి మాత్రం గిన్నె ముప్పాతిక కన్నా ఎక్కువ నిండకూడదు, మూడున్నర లీటర్లదాంట్లో రెండు కిలోలు, దుంపలు, పులుసు కలిపి పట్టవు. అప్పుడు దుంపలు, ములక్కాడలు పూర్తిగా విడిగా చింతపండు రసంలో పొయ్యి మీద వండి, వడ్డించే ముందు రెండూ ఒక పెద్ద గిన్నెలో కలిపి పది నిమిషాలు మరిగించండి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు ఆ పింగాణీ గిన్నెతోనే పెట్టకుండా వెడల్పాటి స్టీలు గిన్నెల్లోకి మార్చండి, లేకపోతే మధ్యలో వేడి గంటల తరబడి అలాగే ఉండిపోతుంది.